మార్కెట్ విభజన: ఒక సబ్బు, పలు రకాల కొనుగోలుదారులు

ఒక వస్తువును కొనేవారందరినీ ఒకే గుంపుగా చూడక, ఒకే రకమైన అవసరంతో, ఒకే తీరులో కొనేవారిని ఒక వర్గంగా గుర్తించి, ఆ వర్గానికి తగినట్లు సరుకును, ధరను, ప్రచారాన్ని, అమ్మే చోటును మలచుకోవడాన్ని మార్కెట్ సెగ్మెంటేషన్ లేదా మార్కెట్ విభజన అంటారు. అమెరికాకు చెందిన వెండెల్ స్మిత్ 1956లో రాసిన వ్యాసంతో ఈ భావన మార్కెటింగ్ శాస్త్రంలో స్థిరపడింది. తన సరుకు మిగతావాటికంటే భిన్నమైనదని అందరికీ చెప్పుకోవడం ఒక మార్గమైతే, కొనేవారి అవసరాలే భిన్నమైనవని గ్రహించి సరుకును వాటికి అనుగుణంగా మార్చడం మరొక మార్గమని ఆయన వాటిని విడదీసి చూపారు. ప్రాంతం, వయసు-ఆదాయం, జీవనశైలి, కొనుగోలు ప్రవర్తన అనే నాలుగు ప్రాతిపదికలను బి.బి.ఎ., ఎం.బి.ఎ. విద్యార్థులందరూ చదువుతారు. అయితే సబ్బు వంటి నిత్యావసర వస్తువు విషయంలో కొనే మనిషి ఎవరనే దానికంటే, ఆ మనిషి దానిని ఎందుకు, ఎప్పుడు, ఎంత కొంటున్నారనేదే ఎక్కువ పనికివస్తుంది.

తెలుగువారి స్నానాల గదుల్లో దశాబ్దాలుగా ఉన్న సంతూర్ మార్కెట్ విభజనకు చక్కని ఉదాహరణ. గంధం, పసుపు కలిసిన సబ్బుగా విప్రో సంస్థ దీనిని 1980ల మధ్యలో విడుదల చేసింది. శాండల్, టర్మరిక్ అనే ఆంగ్ల పదాల మొదటి భాగాలను కలిపితే వచ్చిందే ఆ పేరు. తొలి ప్రచారమంతా అందులో ఏమున్నదో చెప్పడానికే పరిమితమైంది. సున్నిపిండి, పసుపు వాడకం తెలిసిన ఇళ్లకు ఆ మాట అర్థమవుతుంది గాని, గంధం సబ్బులు అప్పటికే మార్కెట్లో ఉండగా దీనినే ఎందుకు కొనాలో అది చెప్పలేదు. తరువాతి ప్రకటనల్లో కాలేజీ అమ్మాయి అనుకున్న యువతి దగ్గరకు ఒక చిన్నపిల్ల పరుగెత్తుకువచ్చి ‘మమ్మీ’ అని పిలుస్తుంది. ఇక్కడ సబ్బులోని దినుసులు మారలేదు. మారినది ఎవరితో మాట్లాడుతున్నామన్న నిర్ణయం. పెళ్లై బిడ్డ పుట్టినా తన రూపం పట్ల శ్రద్ధ తగ్గని యువ తల్లిని సంస్థ తన వర్గంగా ఎంచుకుంది. సరుకులు రాసి తెప్పించేదీ సాధారణంగా ఆమే కావడంతో, ఆమెకు నచ్చిన సబ్బు ఇంటిల్లిపాది సబ్బు అయింది. ఆంధ్ర ప్రాంతంలో అత్యధికంగా అమ్ముడయ్యే సబ్బుల్లో సంతూర్ నిలవడం వెనుక ఈ ఎంపిక పాత్ర పెద్దది.

పెద్ద సంస్థకు ప్రకటనలు ఉంటాయి. చిన్న తయారీదారుకు స్థలజ్ఞానమే పెట్టుబడి. నరసాపురంలో కొబ్బరినూనెతో సబ్బు చేసి అమ్మదలచిన ఒక చిన్న యూనిట్‌ను ఊహించుకుంటే, విభజన ఎక్కడ మొదలుపెట్టాలో తేటపడుతుంది. ఇక్కడ మొదటి గీత ఆదాయం దగ్గర కాదు, నీటి దగ్గర పడుతుంది. కాలువ నీరు అందే ఊళ్లలో ఏ సబ్బయినా నురుగు ఇస్తుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీటిలో ఉప్పదనం, కఠినత్వం పెరుగుతాయి. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారడం వల్ల మామూలు సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు. కొబ్బరినూనె సబ్బు నీటిలో సులువుగా కరిగే గుణం కలది గనుక ఉప్పు నీటిలోనూ నురుగు ఇస్తుంది; నావికుల కోసం చేసే సబ్బులకు ఈ నూనెనే వాడడానికి కారణం ఇదే. అయితే ఆ గుణం వల్లనే అది త్వరగా అరిగిపోతుంది, కొందరికి చర్మం పొడిబారుస్తుంది. కనుక తీరగ్రామాల వారికి ‘ఉప్పు నీటిలోనూ నురుగు’ అన్నదే కొనడానికి కారణం కాగా, పట్టణంలో అదే మాట ఎవరినీ కదిలించదు. అక్కడి వారికి పరిమళం, చర్మానికి మెత్తదనం ముఖ్యం కాబట్టి, నూనెల పాళ్లు మార్చి వేరే సబ్బు చేయవలసి వస్తుంది.

రెండవ గీత డబ్బు చేతికి వచ్చే తీరును బట్టి పడుతుంది. నెలజీతం వచ్చే ఇంట్లో మొదటి వారంలోనే నాలుగు సబ్బుల ప్యాక్ కొంటారు. చేపల వేటకో, రొయ్యల చెరువు పనికో వెళ్లి రోజుకూలీ తెచ్చుకునే ఇంట్లో చేతిలోని సొమ్ముకు సరిపడే చిన్న బిళ్ల కొంటారు. వారు చవకరకం కోరుతున్నారని దీని అర్థం కాదు, ఒకసారి ఖర్చుపెట్టే మొత్తం చిన్నదిగా ఉండాలన్నదే అర్థం. వరి రైతు కుటుంబానికి సార్వా, దాళ్వా పంటల డబ్బు వచ్చే కాలం వేరు. ఇక పంటు మీద గోదావరి దాటి అంతర్వేది వెళ్లే యాత్రికులు దిగే లాడ్జీలకు కావలసింది ఒకటి రెండు స్నానాలకు చాలే బిళ్ల. దానిని కొనేది వాడే మనిషి కాదు, లాడ్జి యజమాని.

ఇంతవరకు బాగానే ఉన్నా, విభజనలో నష్టం ఎక్కువగా జరిగేది ఈ చిన్న బిళ్ల దగ్గరే. ఒక కిరాణా కొట్టులో నెలకు 40 రూపాయల సబ్బులు 60 అమ్ముడవుతూ, ఒక్కోదానిపై తయారీదారుకు 8 రూపాయల చొప్పున 480 రూపాయల లాభం వస్తున్నదనుకోవాలి. 10 రూపాయల బిళ్లను ప్రవేశపెట్టిన తరువాత పెద్దవి 30, చిన్నవి 120 అమ్ముడయ్యాయి. అమ్మిన సబ్బుల సంఖ్య 60 నుంచి 150కి పెరిగింది. కానీ గల్లాలో పడిన సొమ్ము అప్పుడూ ఇప్పుడూ 2,400 రూపాయలే. చిన్న బిళ్లపై లాభం రూపాయిన్నర మాత్రమే అయితే మొత్తం లాభం 240, 180 కలిపి 420కి తగ్గింది. అంటే కొత్త వర్గం ఏదీ చేరలేదు, పాత ఖాతాదారులే చిన్న బిళ్లకు మారారు. సొంత సరుకే సొంత సరుకును మింగే ఈ స్థితిని కానిబలైజేషన్ అంటారు. సంఖ్య పెరిగిందని మురిసిపోక, కొట్టువారీగా, సైజువారీగా బిల్లులు చూస్తేనే ఇది బయటపడుతుంది. ఇందుకు విరుగుడు చిన్న బిళ్లను అన్ని కొట్లకూ పంపకుండా, కూలీల వాడల్లోని కొట్లకు, పడవల రేవుల దగ్గరి బడ్డీలకు పరిమితం చేయడం.

మార్కెటింగ్ రంగంలో తొలి ఉద్యోగం చాలామందికి సేల్స్ విభాగంలోనే దొరుకుతుంది. ఒక రోజులో తిరగవలసిన కొట్ల వరుసను బీట్ అంటారు. బీట్‌లో ఏ కొట్టు ఏ సైజు తీసుకుంటున్నదో గమనించి కారణం చెప్పగలిగిన ఉద్యోగికి మార్కెట్ పరిశోధన, బ్రాండ్ నిర్వహణ విభాగాల వైపు దారి తెరుచుకుంటుంది. సొంతంగా తయారీ మొదలుపెట్టేవారు మాత్రం స్నానపు సబ్బు చట్టరీత్యా సౌందర్య సాధనమనీ, అమ్మకానికి తయారుచేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్-2020 కింద లైసెన్సు తప్పనిసరి అనీ ముందే తెలుసుకోవాలి. నరసాపురం శ్రీ వై.ఎన్. కళాశాల వంటి చోట్ల డిగ్రీ చదువుతున్న విద్యార్థి ప్రాజెక్టుగా పట్టణంలో అయిదు, తీరగ్రామాల్లో అయిదు కిరాణా కొట్లు ఎంచుకుని, ఏ సబ్బు, ఏ సైజు, నెలలో ఏ వారం ఎక్కువగా పోతున్నదో ఒక నెలపాటు రాసుకుని, ఆ పట్టికను ఇంటర్వ్యూకు వెంట తీసుకువెళ్లాలి.