పట్టునూలు ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి: చేయవలసినవి, చేయకూడనివి

ఆపరేషన్స్ కోర్సు ప్రాజెక్టు కోసం ధర్మవరం మగ్గాల షెడ్లకు వెళ్లే విద్యార్థులూ, ఆ షెడ్లకు నూలు కొనే యజమానులూ ఈ సూచనలు పాటించండి. ఇక్కడ ప్రమాదాలు రెండు. నూలు ఎక్కువగా కొంటే అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. నూలు అయిపోతే మగ్గం ఆగుతుంది. చీరకు ఇంతని మజూరి తీసుకునే నేతగాడికి ఆ రోజు సంపాదన లేనట్టే. రెండోది పెద్ద ప్రమాదం. విద్యార్థులు ఎక్కువగా మొదటిదాని మీదే లెక్కలు చేసి ఊరుకుంటారు.

సూచనలన్నిటికీ ఒకే షెడ్డును ఉదాహరణగా తీసుకోండి. అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవే. ఏడాదికి 600 కిలోల ముడిపట్టు కావాలి. పని దినాలు 300, అంటే రోజుకు 2 కిలోలు. కిలో ధర రూ. 5,000. కొనుగోలు బెంగళూరులో, ఒకసారి వెళ్లి సరుకు తేవడానికి అన్నీ కలిపి ఖర్చు రూ. 1,600. పెట్టుబడి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది, అంటే ఏడాదికి 24 శాతం. కాబట్టి ఒక కిలో నూలు ఏడాది పాటు బీరువాలో ఉంటే అయ్యే ఖర్చు రూ. 1,200.

చేయవలసినవి

ముందు ఒక్కో విడతకు ఎంత కొనాలో తేల్చండి. దీన్నే ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ అంటారు; సూత్రాన్ని 1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ విట్మన్ హారిస్ ప్రచురించారు. D ఏడాది అవసరం, S ఒక ఆర్డరు ఖర్చు, H ఒక కిలోను ఏడాది ఉంచే ఖర్చు.

```
EOQ = sqrt(2 * D * S / H)
    = sqrt(2 * 600 * 1600 / 1200) = 40
```

వచ్చిన జవాబును సరిచూడండి. 40 కిలోల చొప్పున కొంటే ఏడాదికి 15 ఆర్డర్లు, వాటి ఖర్చు రూ. 24,000. సగటున 20 కిలోలు ఇంట్లో ఉంటుంది, దాని ఖర్చూ రూ. 24,000. రెండూ సమానం కాకపోతే ఎక్కడో తప్పు చేశారు.

సరుకు దొరికే కట్టకు తగ్గట్టు అంకెను సర్దుకోండి. 40 బదులు 50 కిలోలు కొంటే ఏడాది ఖర్చు రూ. 48,000 నుంచి రూ. 49,200 అవుతుంది, అంతే. 60 కిలోల బేలు కొన్నా రూ. 52,000 దాటదు. ఈ అంకె దగ్గర కొంచెం అటూ ఇటూ అయితే ముంచదు.

అవసరాన్ని ముడిపట్టు బరువులోనే లెక్కించండి. బంక తీసినప్పుడు పట్టు బరువు నాలుగో వంతు దాకా పోతుంది. మగ్గానికి 3 కిలోలు ఎక్కాలంటే 4 కిలోలు కొనాలి. బీరువాలో ఉన్న బంక తీసిన నూలును కూడా ఇదే లెక్కకు మార్చి రాయండి.

లీడ్ టైమును మగ్గం దాకా లెక్కపెట్టండి. మన షెడ్డులో బెంగళూరు నుంచి రావడానికి 3 పని దినాలు, ట్విస్టింగుకు 3, బంక తీసి అద్దడానికి 2, పడుగు చేయడానికి 1, మొత్తం 9. మగ్గం ధర్మవరంలో కాక ఆమడగూరు లాంటి దూరపు మండలంలో ఉంటే పడుగు చేరే రోజు కూడా కలపండి.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలో ఆ తర్వాత తేల్చండి. రోజుకు 2 కిలోల చొప్పున 9 రోజులకు 18 కిలోలు. కానీ 18 దగ్గర ఆర్డరు పెడితే సగం విడతల్లో నూలు అయిపోతుంది, ఎందుకంటే 9 అనేది సగటు మాత్రమే.

అందుకే సేఫ్టీ స్టాకు కలపండి. రోజు వాడకంలో తేడా అర కిలో, వచ్చే గడువులో తేడా 2 రోజులు అనుకోండి. ఇవి ప్రామాణిక విచలనాలు. వీటిని కలిపే లెక్క ఇది:

```
sigma = sqrt(9 * 0.5^2 + 2^2 * 2^2) = 4.27
SS    = 1.65 * 4.27 = 7
ROP   = 18 + 7 = 25
```

25 కిలోలకు దిగిన రోజే ఆర్డరు పెట్టండి. 1.65 అంటే ఇరవై విడతల్లో ఒక్కసారి తప్ప నూలు అయిపోదని అర్థం. ఏడాదికి 15 విడతలున్న షెడ్డుకు ఇది చాలు.

ప్రమాదం ఎటునుంచి వస్తోందో ఆ లెక్కలోనే చూడండి. వాడకంలో తేడా ఒక్కటే ఉండి, సరుకు సరిగ్గా తొమ్మిదో రోజునే వస్తే 7 కిలోలు అక్కర్లేదు, రెండున్నర చాలు. మిగతా నాలుగున్నర కిలోలు సరుకు ఆలస్యానికి మీరు కడుతున్న మూల్యం. బేరం ధర మీద ఆడేంత గట్టిగా తేదీ మీద కూడా ఆడండి.

గడువు తేడాను పాత బిల్లుల నుంచి తీయండి. ఆర్డరు పెట్టిన తేదీ, పడుగు మగ్గానికి ఎక్కిన తేదీ పక్కపక్కన రాయండి. వ్యాపారి ఫోనులో చెప్పిన గడువు వాడకండి.

సీజనుకు ముందే అంకెలు మార్చండి. ఆషాఢంలో మందగించిన అమ్మకం శ్రావణంలో పెళ్లిళ్లకూ వరలక్ష్మీ వ్రతానికీ లేస్తుంది. వాడకం రోజుకు 4 కిలోలైతే కొనే పరిమాణం 40 నుంచి 57కే పెరుగుతుంది, కానీ రీఆర్డర్ పాయింటు 25 నుంచి 49కి చేరుతుంది. మొదటిది మరచినా నష్టం కొద్దే. రెండోది మరిస్తే శ్రావణం మధ్యలో మగ్గాలు ఆగుతాయి.

25 కిలోల మూటను విడిగా కట్టి ఎర్రగుడ్డ చుట్టండి. దాని ముడి విప్పాల్సి వచ్చిన రోజే ఆర్డరు రోజు. లెక్క రాని పనివాడు కూడా దీన్ని పాటించగలడు.

నూలును ఒకే చోట, పొడి గదిలో తూకం వేయండి. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వ్యాపారంలో ఒప్పుకున్న తేమే 11 శాతం. వానాకాలంలో బరువు పెరిగిందంటే నూలు పెరిగినట్టు కాదు.

చేయకూడనివి

లెక్కను EOQ దగ్గర ఆపేయకండి. ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపించే పెద్ద లోపం ఇదే. ఆ సూత్రం వాడకం ఏడాదంతా ఒకే తీరుగా ఉంటుందనీ, సరుకు ఎప్పుడూ అయిపోదనీ అనుకుని రాసినది.

బంక తీసిన బరువును ముడిపట్టు అవసరంగా రాయకండి. 600 బదులు 450 రాస్తే EOQ 40 నుంచి 35కు దిగుతుంది, దాంతో పెద్ద హాని లేదు. కానీ రోజు వాడకం ఒకటిన్నర కిలోగా కనిపించి, లీడ్ టైము అవసరం 18 బదులు పదమూడున్నర అవుతుంది. రెండు రోజులకు పైగా నూలు కాగితం మీదే మాయమవుతుంది.

సొంత డబ్బుకు వడ్డీ లేదనుకోకండి. ఆ డబ్బు మరోచోట తెచ్చేదాన్ని ఖర్చుగా రాయండి.

ఆర్డరు ఖర్చులో నూలు ధర కలపకండి. గుమాస్తా నెల జీతం కూడా కలపకండి. ఆర్డరు పెట్టినా పెట్టకపోయినా అది ఇవ్వాల్సిందే.

కిలోకు రూ. 50 తగ్గిస్తామంటే లెక్కవేయకుండా ఒప్పుకోకండి. ఒకేసారి 120 కిలోలు కొనాలన్న షరతు ఉందనుకోండి. ధరలో ఏడాదికి రూ. 30,000 మిగులుతుంది. కానీ ఆర్డర్ల ఖర్చు రూ. 8,000, నిల్వ ఖర్చు రూ. 71,280, మొత్తం రూ. 79,280. పాత రూ. 48,000 మీద ఇది రూ. 31,280 ఎక్కువ. తగ్గింపు తీసుకుని రూ. 1,280 పోగొట్టుకున్నట్టు.

ధర పెరుగుతుందన్న ఊహతో అప్పు తెచ్చి నిల్వ చేయకండి. అది జూదం. పట్టుగూళ్ల ధర హిందూపురం మార్కెట్టులో లేచినట్టే పడుతుంది కూడా. చేసి తీరాలనుకుంటే సొంత డబ్బుతో, వేరే ఖాతాలో చేయండి. రీఆర్డర్ లెక్కలో కలపకండి.

అద్దకంలో ఉన్న నూలును చేతిలో ఉన్నట్టు రాయకండి. దాన్ని రావలసిన సరుకు కింద రాయండి. అది ఈ రోజు మగ్గం ఆగకుండా కాపాడలేదు.

రావలసినదాన్ని పూర్తిగా మరచిపోనూ వద్దు. ఆర్డరు పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి చేతిలో ఉన్నదీ, రావలసినదీ కలిపి, ఇవ్వవలసిన బాకీ తీసేసి చూడండి. లేకపోతే బీరువా ఖాళీగా కనిపించినప్పుడల్లా ఇంకో ఆర్డరు పెడతారు, నెల తిరిగేసరికి రెండు బేళ్లు మీద పడతాయి.

మొత్తం తూకం చూసి నిశ్చింతగా ఉండకండి. 30 కిలోలు ఉండి, అడిగిన మెరూన్ లేకపోతే మగ్గం ఆగినట్టే. ఎక్కువ నడిచే రంగులకు విడివిడిగా రీఆర్డర్ పాయింటు పెట్టండి.

అరుదైన రంగులు అద్ది నిల్వ పెట్టకండి. ట్విస్టింగు అయిన తెల్లనూలుగా ఉంచండి; అడిగాక బంక తీసి అద్ది ఇవ్వడానికి రెండు రోజులు చాలు, ఫ్యాషన్ మారినా నూలు పాతబడదు.

సేఫ్టీ స్టాకును మామూలు నిల్వగా వాడకండి. ప్రతి విడతలోనూ అది సగానికి దిగుతోందంటే మీ లీడ్ టైము తప్పు. ఏడాదంతా దాన్ని ముట్టుకోలేదంటే ఎక్కువ పెట్టారు. ఆ 7 కిలోలకు ఏడాదికి రూ. 8,400 కడుతున్నారు, తగ్గించండి.

కియా కర్మాగారాన్ని చూసి నిల్వ లేకుండా నడపబోకండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన ఆ కర్మాగారానికి విడిభాగాలిచ్చే కంపెనీలు కొన్ని చుట్టుపక్కలే ఉన్నాయి. మీకు నూలిచ్చేవాళ్లు బెంగళూరులో, అద్దేవాళ్లు ఇంకో వీధిలో ఉన్నారు. గడువులో రెండు రోజుల తేడా ఉన్నంతవరకు సేఫ్టీ స్టాకు సున్నా కాదు.

ఏడాదికోసారి మాత్రమే లెక్క చేసి ఊరుకోకండి. ధర, వడ్డీ, గడువు వీటిలో ఏది మారినా మళ్లీ చేయండి.

ఇక్కడి 40నీ 25నీ మీ రిపోర్టులో దించకండి. మీ షెడ్డు పాత బిల్లులు ముందు వేసుకుని, ఆర్డరు తేదీకీ పడుగు ఎక్కిన తేదీకీ మధ్య రోజులు లెక్కపెట్టడంతో పని మొదలుపెట్టండి.