హాలూ వంటిల్లూ కలపాలని గోడ కొట్టే ముందు

మా అక్కవాళ్ల పాత ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేద్దామని మేస్త్రిని పిలిచాం. ఆయన గోడమీద రెండు దెబ్బలు కొట్టి, "గుల్లగా మోగుతోందమ్మా, ఉత్త అడ్డుగోడే" అన్నాడు. గుల్ల శబ్దానికి అర్థం ప్లాస్టరింగ్ ఊడిందని, అంతే. ఆ గోడే స్లాబును మోస్తోంది.

1. ముందు ఇంట్లో పిల్లర్లున్నాయో లేదో చూడండి. గదుల మూలల్లో పిల్లర్ అంచులు, స్లాబు కింద బీములు కనిపిస్తే లోపలి గోడలు చాలావరకు అడ్డుగోడలే. పిల్లర్లు లేని పాత ఇళ్లలో స్లాబు గోడలమీదే కూర్చుంటుంది.

2. మందాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. పిల్లర్ల ఇళ్లలోనూ బయటి గోడలు తొమ్మిదంగుళాలే కడతారు. నాలుగున్నర గోడమీద స్లాబు వేసిన పాత ఇళ్లూ ఉన్నాయి.

3. అసలు సాక్ష్యం గోడ పైకొసలో ఉంటుంది. స్లాబు తగిలేచోట జానెడు మేర ప్లాస్టరింగ్ చెక్కించండి. ఇటుకలమీద నేరుగా కాంక్రీటు కూర్చుని ఉంటే బరువు మోసే గోడేనని అనుకోవాలి. మధ్యలో బీము కనిపిస్తే అది రెండు చివరలా దేనిమీద ఆనిందో చూడాలి. అక్కవాళ్లింట్లో బీము లేదు, ఇటుకమీదే స్లాబు. మిద్దెమీదికెళ్తే సరిగ్గా ఆ గోడ నెత్తినే వెయ్యి లీటర్ల ట్యాంకు! నిండితే టన్ను బరువు.

4. గోడకు అటూ ఇటూ పదేసి అడుగుల గదులు. గోడ పోతే స్లాబు ఇరవై అడుగులు ఆధారం లేకుండా నిలవాలి. దూరం రెట్టింపైతే స్లాబును వంచే ఒత్తిడి దాదాపు నాలుగింతలవుతుంది. పైగా గోడమీద స్లాబుకు కమ్మీలు పైవైపు అవసరం, గోడ లేకపోతే అదే చోట కిందివైపు కావాలి. అక్కడ ఉండాల్సినంత ఉండవు. అందుకే గోడ బదులు ఇనుప బీమో కాంక్రీటు బీమో తప్పదు. దాని సైజు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టాలి, మేస్త్రి కాదు.

5. ఒక్క ఇటుక కదపకముందే గోడకు రెండువైపులా జాకీలు పెట్టాలి. ఒకవైపే పెడితే రెండోవైపు స్లాబు గాల్లో ఉన్నట్టే. మాకు ఇంజనీరు గోడనుంచి రెండున్నర అడుగుల దూరంలో, మూడేసి అడుగులకొకటి చెప్పారు. జాకీల తలమీద పొడవునా దుంగ, కింద మందపాటి పలక వేయించారు. టైల్స్‌మీద నేరుగా నిలబెడితే పగిలి జాకీ కుంగుతుంది. బిగువుగా తగిలేదాకా తిప్పాలి, స్లాబును పైకెత్తేంత తిప్పకూడదు. కింద ఇంకో అంతస్తుంటే అక్కడా అదే వరుసలో జాకీలుండాలి. ట్యాంకు మాత్రం పనయ్యేదాకా ఖాళీయే, అక్క బిందెలతో మోసుకుంది.

6. బీము రెండు చివరలూ ఇటుకలమీద కాక కాంక్రీటు దిమ్మెలమీద ఆనాలి. బీముకీ స్లాబుకీ మధ్య సందును కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపి, అది గట్టిపడ్డాకే జాకీలు వదలాలి. ఇనుము బదులు కాంక్రీటు బీము పోస్తే, ఇరవై అడుగుల లోపు పొడవున్న బీముకు కనీసం 14 రోజులు ఆగాలి.

7. జాకీలను మధ్యనుంచి చివరలకు, కొంచెం కొంచెంగా వదులుచేయండి. స్లాబు కింద సన్న పగులు కనిపిస్తే దాని చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటి సాగితే జాకీలు మళ్లీ బిగించి ఇంజనీరుకు ఫోన్ చేయండి.