మంజూరు లేఖలో వేట నిషేధం లేదు

ప్రశ్న: వాడరేవులో చేపల వ్యాపారం చేస్తాను. వ్యానుకు బ్యాంకు లోను మంజూరైంది. మీకు పంపిన లేఖ సారం చెప్పండి.

జవాబు: అప్పు 6 లక్షలండీ. వడ్డీ ఏడాదికి 10 శాతం, రెపో రేటు మారితే ఇదీ మారుతుంది. మొదటి 6 నెలలు అసలు కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం నెలకు 5,000 కట్టాలి. తర్వాత 60 నెలలు అసలు 10,000, మిగిలిన బాకీపై వడ్డీ. అంటే తొలి వాయిదా 15,000, ఆపై నెలనెలా కొంచెం తగ్గుతుంది. షరతులు: వ్యాను బ్యాంకుకు తనఖా, ఏటా బీమా, డబ్బు నేరుగా డీలరుకే.

నన్ను కలవరపెట్టింది వాయిదాల పట్టిక. వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కదలవు, మీ వ్యాను ఖాళీ. వాయిదాలు మాత్రం ఆగవు. ఆ రెండు నెలల అసలును మిగతా నెలలకు సర్దమని సంతకానికి ముందే రాసివ్వండి. ఒప్పుకుంటే సవరించిన లేఖ తీసుకోండి, నోటిమాట చాలదు.