పాత ఉత్తరాన్ని స్కాన్ చేసి చదివించడం: యాప్ ఎక్కడ ఆగిపోతుంది?

ప్రింట్ అయిన పేజీని టెక్స్ట్‌గా మార్చడం ఇప్పుడు ఏ ఫోన్‌కైనా మామూలు పనే. చేతిరాత దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది, అదీ తెలుగు గొలుసుకట్టు రాత అయితే ఇంకాస్త ఎక్కువ. ఈసారి టెస్ట్ కోసం మా ఇంట్లో ఉన్న 1986 నాటి ఇన్‌లాండ్ లెటర్ తీసుకున్నాను. పొలం ఖర్చుల గురించి మా తాతయ్య తన తమ్ముడికి రాసిన ఉత్తరం అది. ఏ ఖర్చు ఎవరు పెట్టారనేది ఇప్పటికీ రెండు కుటుంబాల్లో మాటకి వస్తుంటుంది కాబట్టి, "దాదాపు కరెక్ట్" అంటే ఇక్కడ కుదరదు.

ముందు ఫోటో సంగతి

ఇన్‌లాండ్ కాగితం పల్చగా ఉంటుంది, వెనకవైపు సిరా ముందుకి కనిపిస్తుంది. యాప్ ఆ నీడని కూడా అక్షరమే అనుకుంటుంది. కాగితం కింద నల్ల చార్ట్ పెట్టి స్కాన్ చేస్తే ఆ నీడ చాలావరకు తగ్గుతుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే 300 డీపీఐ పెట్టండి. అప్పుడు 5 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి దాదాపు 59 పిక్సెళ్లు వస్తాయి, చదవడానికి అది సరిపోతుంది.

స్కానర్ యాప్‌లో ఉండే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ మాత్రం వాడకండి. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది గానీ, వెలిసిపోయిన సన్నగీతల్ని అది తెల్లగా చేసేస్తుంది. ముందుగా పోయేవి ధ కింది గీత, సున్నా, చిన్న వత్తులు. కలర్‌లోనో గ్రేస్కేల్‌లోనో ఉంచితే చాలు.

లైన్లు ఒకదానిలోకి ఒకటి దూరడం

యాప్ సాధారణంగా ముందు పేజీని లైన్లుగా విడగొట్టి, ఆ తర్వాత ఒక్కో లైన్ చదువుతుంది. తెలుగులో గుడి, తలకట్టు పైన ఉంటాయి, వత్తులు కిందకి వేలాడతాయి. ఇన్‌లాండ్‌లో చోటు తక్కువ కాబట్టి తాతయ్య లైన్లు ఇరికించి రాశారు. దాంతో పై లైన్‌లోని వత్తు కింది లైన్‌లోని గుడికి తగులుతుంది. ఆ వత్తు ఏ లైన్‌కి చెందిందో యాప్‌కి తేలక, ఒక్కోసారి రెండు పదాలూ పాడవుతాయి.

దీనికి మందు సింపుల్. ఫోటోని లైన్ లైన్‌గా క్రాప్ చేసి, పక్క లైన్ ముక్కల్ని తెల్ల బ్రష్‌తో చెరిపేసి, ఒక్కొక్కటిగా చదివించండి. టైమ్ పడుతుంది, కానీ తేడా కనిపిస్తుంది.

అసలు ప్రమాదం: తప్పు కూడా తప్పులా కనిపించకపోవడం

అక్షరం సరిగ్గా తెలియనప్పుడు యాప్ చుట్టుపక్కల అక్షరాల్ని, భాషలో ఎక్కువగా వచ్చే పదాల్ని బట్టి ఊహిస్తుంది. "కూలీలకు" లాంటి పదానికి ఇది బాగా పనికొస్తుంది. అంకెలకి, పేర్లకి ఆ సాయం దొరకదు. ఒకే లైన్‌ని రెండు యాప్‌లకి ఇస్తే ఇలా వచ్చింది:

```
యాప్ 1: కూలీలకు 110 ఇచ్చారు
యాప్ 2: కూలీలకు 170 ఇచ్చాను
```

రెండూ చక్కటి తెలుగు వాక్యాలే. స్పెల్‌చెక్ పెట్టినా ఏదీ పట్టుకోదు. కానీ అర్థం చూడండి: ఒకదాని ప్రకారం డబ్బు ఇచ్చింది వేరేవాళ్లు, రెండోదాని ప్రకారం తాతయ్యే.

అంకె సంగతి లెక్కతో తేలింది. ఉత్తరంలో ఎరువులకి 450, నాగలి బాగుకి 85, మొత్తం 705 అని ఉంది. ఇవి రెండు యాప్‌లలోనూ ఒకేలా వచ్చాయి. 450 + 110 + 85 అంటే 645, కుదరదు. 450 + 170 + 85 అంటే సరిగ్గా 705. కాబట్టి అది 170.

"ఇచ్చారు", "ఇచ్చాను" తేల్చడానికి లెక్క లేదు. ర గుండ్రంగా మూసుకుంటుంది, న మూసుకోకుండా కుడివైపుకి సాగుతుంది. వేగంగా రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది. అందుకే అదే ఉత్తరంలో అనుమానం లేని పదాలు వెతికాను: "నేను" మూడుచోట్ల, "మీరు" రెండుచోట్ల ఉన్నాయి. వాటి చివరి అక్షరాల్ని క్రాప్ చేసి, ఈ అక్షరం పక్కన పెట్టి జూమ్ చేశాను. తాతయ్య "రు" ప్రతిసారీ పూర్తిగా మూశారు. ఇక్కడ మూయలేదు. అంటే "ఇచ్చాను".

మీరు చేసేటప్పుడు

రెండు యాప్‌లతో చదివించి, రిజల్ట్స్ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఒరిజినల్ చూడాల్సిందే. అంకెలు, పేర్లు, క్రియాపదాల చివరి అక్షరాలు మాత్రం రెండూ ఒకేలా చెప్పినా ఒకసారి చూడండి, ఎందుకంటే రెండూ ఒకే తప్పు చేయొచ్చు. కాగితం మడతలో సిరా రాలిపోయిన చోట ఏ యాప్‌కీ దారి లేదు, అయినా ఏదో ఒక పదం ఇచ్చేస్తుంది. మా ఉత్తరంలో అలాంటి చోట్లు రెండున్నాయి. అక్కడ వచ్చిన పదాలు తీసేసి [?] అని పెట్టాను. స్కాన్ ఫోటోని కూడా టెక్స్ట్ ఫైల్ పక్కనే అదే పేరుతో సేవ్ చేశాను, రేపు ఎవరికైనా అనుమానం వస్తే వాళ్లే జూమ్ చేసి చూసుకోవచ్చు.