ప్రాణభయం, అగత్యం: ఇంకొకరి ప్రాణం తీయడానికి ఈ కారణాలు చాలవా?

నేరం చేశాడన్న ఆరోపణతో కోర్టులో నిలబడిన మనిషి “ఆ పని నేను చేయలేదు” అని చెప్పవచ్చు. లేదా “చేశాను, కానీ చేయక తప్పలేదు” అని చెప్పవచ్చు. ఈ పాఠంలో మనం రెండో జవాబు గురించి తెలుసుకుందాం.

ఈ జవాబు రెండు రకాలుగా వస్తుంది. ఎవరో మెడ మీద కత్తి పెట్టి చేయించారని చెప్పడం మొదటిది. దీన్ని మనం బెదిరింపు వాదన అందాం. ఎవరూ బెదిరించలేదు, అగ్ని, వరద, ఆకలి లాంటి పరిస్థితులే ఆ పనికి నెట్టాయని చెప్పడం రెండోది. దీన్ని అగత్యం వాదన అందాం. అగత్యం అంటే తప్పించుకోలేని అవసరం. చాలా నేరాల విషయంలో చట్టం ఈ వాదనలను ఒప్పుకుంటుంది. కానీ ఏ తప్పూ చేయని మనిషిని చంపిన చోట మాత్రం సాధారణంగా ఒప్పుకోదు. ఎందుకో చూద్దాం.

ముందు మన దేశపు చట్టంతో మొదలుపెడదాం. 1860లో చేసిన భారతీయ శిక్షాస్మృతిలో 94వ సెక్షన్ బెదిరింపు గురించి చెప్పేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో అదే నియమం 32వ సెక్షన్‌గా ఉంది. మన అమ్మానాన్నలకు ఏ రాష్ట్రానికి బదిలీ అయినా ఈ నియమం ఒక్కటే.

ఆ సెక్షన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. బందిపోట్లు ఒక కమ్మరిని పట్టుకున్నారు. పనిముట్లు తెచ్చి ఒక ఇంటి తలుపు బద్దలు కొట్టాలని, లేకపోతే అక్కడికక్కడే చంపేస్తామని బెదిరించారు. అతను తలుపు పగలగొట్టాడు, బందిపోట్లు లోపలికి దూరి దోచుకున్నారు. ఈ కమ్మరి నేరస్థుడు కాడు అంటుంది చట్టం.

అయితే ఈ రక్షణకు కొన్ని హద్దులున్నాయి. బెదిరింపు తక్షణ మరణం గురించే అయి ఉండాలి. “నీ కొలిమి తగలబెడతాం” అన్నా, “వచ్చే వారం నీ పని పడతాం” అన్నా సరిపోదు. ఆ భయం సమంజసమైనదై ఉండాలి. కమ్మరి తనంతట తానే ఆ ముఠాలో చేరి ఉంటే, తర్వాత వాళ్లకు భయపడ్డానని చెప్పుకోవడం కుదరదు. ఇవన్నీ సరిపోయినా ఇంకో హద్దు మిగిలే ఉంది. హత్యకు, మరణశిక్ష పడదగిన రాజ్య వ్యతిరేక నేరాలకు ఈ సెక్షన్ వర్తించదు. అదే కమ్మరితో బందిపోట్లు “తలుపు కాదు, ఆ కాపలావాడిని సుత్తితో కొట్టి చంపు” అన్నారనుకుందాం. కత్తి అదే, భయం అదే. కానీ అతను కాపలావాడిని చంపితే అది హత్యే అవుతుంది.

ఇది చాలా కఠినంగా అనిపిస్తుంది. దీని వెనక ఉన్న ఆలోచన అర్థం కావాలంటే ఇంగ్లండులో జరిగిన ఒక కేసును వివరంగా చూడాలి. అది అగత్యం గురించిన కేసు.

1884 మే నెలలో మిగ్నొనెట్ అనే చిన్న తెరచాప నౌక ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి బయలుదేరింది. అందులో నలుగురే ఉన్నారు. కెప్టెన్ టామ్ డడ్లీ, అతని సహాయకుడు ఎడ్విన్ స్టీఫెన్స్, నావికుడు ఎడ్మండ్ బ్రూక్స్, పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్. పార్కర్ నౌకలో పనికుర్రాడు. జులై 5న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, ఆఫ్రికా దక్షిణ కొసకు దాదాపు 1600 మైళ్ల దూరంలో, తుఫాను దెబ్బకు నౌక మునిగిపోయింది. నలుగురూ చిన్న పడవలోకి దూకారు. వాళ్ల దగ్గర మిగిలినవి రెండు టర్నిప్ దుంపల డబ్బాలు. మంచినీళ్లు లేవు.

నాలుగో రోజున ఒక తాబేలు దొరికింది. 12వ రోజుకు అది కూడా అయిపోయింది. తాగడానికి అప్పుడప్పుడు వాన కోట్లలో పట్టుకున్న చినుకులే. పార్కర్ దాహం తట్టుకోలేక సముద్రపు నీళ్లు తాగి బాగా నీరసించిపోయాడు. ఎవరో ఒకరు చనిపోతే మిగిలినవాళ్లు బతుకుతారని, చీట్లు వేద్దామని డడ్లీ అన్నాడు. బ్రూక్స్ ఒప్పుకోలేదు. పార్కర్‌ను ఎవరూ అడగనే లేదు. చివరికి చీట్లు కూడా వేయలేదు. తమకు భార్యాపిల్లలున్నారని డడ్లీ, స్టీఫెన్స్ మాట్లాడుకున్నారు. జులై 25న, స్టీఫెన్స్ సమ్మతితో, డడ్లీ ఆ కుర్రాడిని చంపాడు. ముగ్గురూ అతని శరీరాన్ని తిని బతికారు. నాలుగో రోజున ఒక జర్మన్ నౌక వాళ్లను కాపాడింది.

సెప్టెంబరులో ఇంగ్లండు చేరగానే డడ్లీ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సముద్రం మీద ఇలాంటివి తప్పు కావని నావికుల్లో అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. కానీ అతని మీద, స్టీఫెన్స్ మీద హత్య కేసు పెట్టారు. బ్రూక్స్ చంపడానికి ఒప్పుకోలేదు కనుక అతను సాక్షి అయ్యాడు.

ఈ కేసులో జ్యూరీ దోషులని గానీ నిర్దోషులని గానీ చెప్పలేదు. జరిగిన విషయాలు మాత్రం నిర్ధారించి, తీర్పును పై న్యాయమూర్తులకు వదిలింది. ఆ నిర్ధారణలు నిందితులకు చాలావరకు అనుకూలంగానే ఉన్నాయి. కుర్రాడిని తినకపోతే వాళ్లు బహుశా బతికేవాళ్లు కారు. కుర్రాడు బహుశా అందరికన్నా ముందే చనిపోయేవాడు. ఆ సమయంలో కనుచూపు మేరలో ఏ నౌకా లేదు. కానీ జ్యూరీ ఇంకో మాట కూడా చేర్చింది. ఎవరినో ఒకరిని చంపక తప్పదనుకున్నా, మిగిలిన ముగ్గురిలో ఒకరిని కాకుండా ఆ కుర్రాడినే చంపాల్సిన అవసరం ఎక్కువగా ఏమీ లేదు.

1884 డిసెంబరు 9న లార్డ్ కోల్రిడ్జ్ ఆధ్వర్యంలోని న్యాయమూర్తులు ఇది హత్యేనని తీర్పు ఇచ్చారు. వాళ్ల కారణాలను మన మాటల్లో చెప్పుకుందాం.

మొదటిది కొలమానం సంగతి. ఎవరి ప్రాణం ఎక్కువ విలువైనదో దేనితో కొలుస్తాం? బలంతోనా, తెలివితోనా, ఇంట్లో ఎంతమంది ఎదురుచూస్తున్నారన్న లెక్కతోనా? డడ్లీకి పిల్లలున్నారు కనుక పార్కర్ పోవచ్చు అంటే, పెళ్లి కానివాడి ప్రాణం చవక అన్నట్లే కదా. పడవలో అందరికన్నా చిన్నవాడు, నీరసించినవాడు, ఎదురు తిరగలేనివాడే బలయ్యాడు. అగత్యం పేరుతో తలుపు తెరిస్తే ఎప్పుడూ బలయ్యేది అలాంటివాళ్లే.

రెండోది తీర్పరి ఎవరన్న సంగతి. అగత్యం ఉందా లేదా అని ఆ పడవలో తేల్చింది ఎవరు? దాని వల్ల లాభం పొందేవాళ్లే. తన బతుకు కోసం ఇంకొకడు చావాలా వద్దా అని తానే తేల్చుకునే మనిషి సరైన తీర్పరి కాలేడు.

ఈ రెండు కారణాలూ మన కమ్మరికి కూడా వర్తిస్తాయి. తలుపు పగిలితే మళ్లీ చేయించవచ్చు, పోయిన సొమ్ముకు పరిహారం కట్టవచ్చు. అక్కడ ఒక ప్రాణం ముందు ఒక తలుపు చిన్నదే. కానీ కాపలావాడి ప్రాణం కమ్మరి ప్రాణం కన్నా చిన్నది కాదు. తన మీదికి వచ్చిన చావును తీసుకెళ్లి ఏ సంబంధమూ లేని ఇంకొకరి మీద వేసే హక్కు కమ్మరికి లేదు. ఆత్మరక్షణ దీనికి పూర్తిగా వేరు. అక్కడ మనం ఎదిరించేది మనల్ని చంపడానికి వచ్చినవాడినే. పార్కర్ గానీ కాపలావాడు గానీ ఎవరి మీదా దాడి చేయలేదు. ఇంగ్లండులో 1987లో హోవ్ అనే కేసులో అత్యున్నత న్యాయపీఠం కూడా బెదిరింపు హత్యకు సమర్థన కాదని స్పష్టం చేసింది.

మరి అగత్యం వల్ల ప్రాణం పోయినా చట్టం క్షమించే సందర్భాలే లేవా? ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్‌లో, అంటే పాత 81వ సెక్షన్‌లో, ఒక ఓడ కెప్టెన్ ఉదాహరణ ఉంది. తన తప్పేమీ లేకుండానే అతని ఓడ 20, 30 మంది ఉన్న ఒక పడవ మీదికి వెళ్తోంది. ఆపడానికి సమయం లేదు. పక్కకు తిప్పితే ఇద్దరున్న ఇంకో పడవను గుద్దే ప్రమాదం ఉంది, కానీ దాన్ని తప్పించుకునే వీలు కూడా ఉంది. అతను ఓడను పక్కకు తిప్పి, దురదృష్టం కొద్దీ ఆ ఇద్దరినీ గుద్దితే, హాని చేసే ఉద్దేశం లేకుండా సద్భావంతో చేసి ఉంటే అది నేరం కాదు. ప్రమాదం అంత పెద్దదా, అంత దగ్గరికి వచ్చిందా అన్నది మాత్రం కోర్టు పరిశీలిస్తుంది.

డడ్లీకీ ఈ కెప్టెన్‌కూ తేడా ఏమిటి? దాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేద్దాం. పక్కనున్న ఆ ఇద్దరూ ఈదుకుంటూ తప్పించుకున్నారనుకుందాం. కెప్టెన్ సంతోషిస్తాడు, అతను అనుకున్నది కూడా నెరవేరుతుంది. ఇప్పుడు పార్కర్ ఎలాగో తప్పించుకున్నాడనుకుందాం. డడ్లీ పథకమే చెడిపోతుంది. కెప్టెన్‌కు ఆ ఇద్దరి చావు అక్కరలేదు. డడ్లీకి కావలసిందే పార్కర్ చావు.

ఈ నియమం అంచున నిలిచే కేసు కూడా ఒకటుంది. 2000లో ఇంగ్లండులో శరీరాలు కలిసి పుట్టిన కవలల కేసు కోర్టుకు వచ్చింది. విడదీయకపోతే కొన్ని నెలల్లో ఇద్దరూ చనిపోతారు. విడదీస్తే బలహీనమైన పాప వెంటనే చనిపోతుంది. ఎంతో తర్జనభర్జన తర్వాత కోర్టు ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చింది. ఇక్కడ ఎవరు పోవాలో ఏ మనిషీ ఎంచుకోలేదు, పాప శరీర స్థితే దాన్ని ముందే తేల్చేసింది. పైగా తేల్చింది లాభం పొందేవాళ్లు కాదు, కోర్టు. పార్కర్ కేసులో లేనివి సరిగ్గా ఈ రెండే.

డడ్లీ, స్టీఫెన్స్‌లకు ఏమైంది? చట్టం ప్రకారం మరణశిక్ష వేశారు. తర్వాత ప్రభుత్వం దాన్ని ఆరు నెలల జైలుకు తగ్గించింది. తప్పా ఒప్పా అన్నది ఒక ప్రశ్న, శిక్ష ఎంత అన్నది ఇంకో ప్రశ్న. 20 రోజులు నడిసముద్రంలో ఉన్న మనుషుల మీద జాలి రెండో ప్రశ్న దగ్గర చూపారు. మొదటి ప్రశ్న దగ్గర చూపి ఉంటే, పార్కర్‌ను చంపడం తప్పు కాదని చట్టమే చెప్పినట్లయ్యేది.

ఆలోచించండి:

1. పడవలో నలుగురూ ఒప్పుకొని చీట్లు వేసుకుని, చీటీ పార్కర్‌కే వచ్చి ఉంటే మన జవాబు మారుతుందా? ఇందాకటి రెండు కారణాల్లో ఏది తగ్గుతుంది, ఏది మిగులుతుంది?

2. ఊరిలో అగ్ని వ్యాపించకుండా ఒకరు మధ్యలో ఉన్న పొరుగింటిని కూలగొట్టారు. ఇంట్లో ఎవరూ లేరు. ఇది కమ్మరి తలుపు లాంటిదా, కాపలావాడి ప్రాణం లాంటిదా?