గుమ్మం దగ్గర గొంతు

చి. అమ్మడికి,

మొన్న ఫోన్లో నువ్వడిగింది మనసులోనే ఉండిపోయింది. చీరల షోరూంలో చేరిన దగ్గర్నుంచి వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ, హుషారుగా పలకరిస్తున్నానన్నావు. అయినా చాలామంది "ఊరికే చూస్తున్నాం" అని పక్కకు తప్పుకుంటున్నారన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

విజయవాడలో నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో జరిగింది చెబుతాను. ఒక పొద్దున నడివయసు భార్యాభర్తలు వచ్చారు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు గుమ్మం దాకా ఎదురెళ్లి, "రండి మేడమ్, రండి రండి! పెళ్లి షాపింగా? మంచి మంచి పట్టుచీరలొచ్చాయి!" అన్నాడు. ఆవిడ ముఖం మాడిపోయింది. "ఏం లేదు బాబూ, ఊరికే" అని, అటూ ఇటూ చూసి భర్తతో వెళ్లిపోయింది. వాళ్లు పెద్దకర్మకు పెట్టే బట్టల కోసం వచ్చారని పక్కకొట్టు ఆయన తరువాత చెప్పాడు. అక్కడే కొనుక్కున్నారట.

ఆ కుర్రాడు మంచివాడు. మర్యాదలో లోపం చేయలేదు. కానీ లోపలికొచ్చిన మనిషి ఏ మనసుతో వచ్చిందో తెలియకముందే, సంతోషంగా వచ్చిందని తనే నిర్ణయించేశాడు. దాంతో ఆవిడకు రెండే దారులు మిగిలాయి. ముక్కూ మొహం తెలియని వాడికి చావు కబురు చెప్పుకోవాలి, లేదంటే లేని నవ్వు తెచ్చిపెట్టుకోవాలి. రెండూ చేయలేక బయటికి నడిచింది. అతి హుషారు పలకరింపులో ఉన్న చిక్కంతా ఇదే. అది ఎదుటివాళ్ల నుంచి అంతే హుషారును బదులుగా అడుగుతుంది. కష్టంలో ఉన్నవాళ్లే కాదు, డబ్బు లెక్కలు వేసుకుంటూ వచ్చినవాళ్లూ, ఆఫీసు నుంచి అలసి వచ్చినవాళ్లూ ఆ బదులు ఇవ్వలేరు. పైగా చీర చూపించకముందే అంత ప్రేమ కనబడితే, ఏదో అంటగట్టబోతున్నారన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

ఇది మన ఊళ్ల సంగతే అనుకోకు. వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో దుకాణాలు మొదలుపెట్టినప్పుడు అమెరికా పద్ధతి ప్రకారం నవ్వుతూ పలకరించే మనుషులను పెట్టింది. అక్కడివాళ్లలో చాలామందికి ఆ నవ్వు ఇబ్బందిగానే తోచింది. 2006లో ఆ కంపెనీ జర్మనీ వదిలి వెళ్లడానికి ధరల పోటీ లాంటి పెద్ద కారణాలు వేరే ఉన్నాయి. కానీ నవ్వుతో పలకరిస్తే ఎక్కడైనా చెల్లుతుందన్న లెక్క మాత్రం అక్కడ తప్పింది.

ఇక నువ్వు చేయాల్సింది చెబుతాను. మొదటిది, గుమ్మంలోనే మాట్లాడకు. దుకాణాల్లో జనం ఎలా మసలుతారో ఏళ్లతరబడి గమనించిన పాకో అండర్‌హిల్ అనే అమెరికా ఆయన 1999లో ఒక పుస్తకం రాశాడు. బయటి ఎండ నుంచి, రోడ్డు గోల నుంచి లోపలికొచ్చిన మనిషికి కుదురుకోవడానికి మొదటి కొన్ని అడుగులు పడతాయని, ఆ జాగాలో ఏం పెట్టినా, ఏం చెప్పినా పట్టదని ఆయన చెప్పాడు. నీ షోరూంలో ఒక పూట నిలబడి చూడు. లోపలికొస్తూనే చెప్పులు, గొడుగు, పిల్లలు, ఫోను సర్దుకుంటారు. నడక నెమ్మదిస్తుంది. తరువాతే తలెత్తి రాక్‌ల వైపు చూస్తారు. నువ్వు నోరు తెరవాల్సింది ఆ తలెత్తినప్పుడు. అంతవరకు దారికి అడ్డం రాకుండా పక్కగా నిలబడి, కళ్లు కలిస్తే చిన్నగా తలూపితే చాలు. ముగ్గురు నలుగురు కలిసి వస్తే వాళ్లలో పెద్దావిడకు ముందు నమస్కారం పెట్టు. మిగతావాళ్లు దాన్ని గమనిస్తారు.

రెండోది గొంతు. "రండమ్మా" అన్న మాట ఒక్కసారి చాలు. చివర సాగదీయకు, పైకి లేపకు. మాట చివర గొంతు కాస్త కిందికి దిగితే వినేవాళ్లకు నెమ్మది వస్తుంది. పైకి లేస్తే, బదులు చెప్పాల్సిన ప్రశ్నలా వినబడుతుంది. ఊపిరి సగం వదిలాక మాట్లాడితే గొంతు దానంతటదే దిగుతుంది. వాళ్లు పెట్టిన గొంతుకంటే నీది ఒక పిసరు తక్కువే ఉండాలి. మీ మేనేజరు చెప్పిన స్వాగత వాక్యం తప్పనిసరైతే అదే వాక్యాన్ని ఇదే గొంతుతో ఒకసారి చెప్పి ఆగు. వాక్యం మేనేజరుదే అయినా గొంతు నీదే కదా.

మూడోది మొదటి ప్రశ్న. "పెళ్లికా?", "బడ్జెట్ ఎంత?" అని అడగకు. మొదటిది వాళ్లింటి సంగతి ఊహించేస్తుంది, రెండోది పర్సు తెరవమంటుంది. నేను అడిగే ప్రశ్న ఒకటే: "మీకా అమ్మా, పెట్టుబడికా?" పెట్టుబడి చీరలు పెళ్లికీ పెడతారు, గృహప్రవేశానికీ పెడతారు, పెద్దకర్మకూ పెడతారు. సందర్భం చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికే వదిలేస్తుంది ఆ ప్రశ్న. కానీ నీకు కావలసిందంతా దొరుకుతుంది. "పెట్టుబడికి, ఓ పన్నెండు" అన్నారంటే సంఖ్య తెలిసింది. "ఏ రకంలో చూపించమంటారు?" అంటే రంగో, ధరో వాళ్లే చెబుతారు. ఆ పొద్దున వచ్చిన భార్యాభర్తలను ఇలా అడిగి ఉంటే, "పెట్టుబడికే, మరీ మెరుపు లేకుండా" అని ఉండేవారు. అంతకుమించి మనం తెలుసుకోవలసింది లేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సాదా చీరలు తీస్తే సరిపోయేది.

పలకరింపు కుదిరిందో లేదో వాళ్ల బదులు పొడవును బట్టి తెలుస్తుంది. నువ్వు అడిగినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ చెబితే కుదిరినట్టే. నీ ముఖం చూడకుండా "ఊరికే" అన్నారంటే నువ్వు మరీ దగ్గరికి వచ్చావని అర్థం. అప్పుడు వెంటపడకు. "చూడండమ్మా. కాటన్ ఇటువైపు, పట్టు లోపల. నేనిక్కడే ఉంటాను" అని రెండడుగులు వెనక్కి వెయ్యి. వాళ్ల చెయ్యి ఏదైనా చీర అంచు మీద ఆగినా, ధర చీటీ తిప్పి చూసినా మళ్లీ వెళ్లొచ్చు. ఈసారి మాట ఆ చీర గురించే ఉండాలి: "ఇది మంగళగిరి అమ్మా, నిజాం అంచు."

నెమ్మది అంటే ముభావం అనుకుంటావేమో. ఫోన్ చూస్తూ, గోడకు ఆనుకుని "ఏం కావాలి?" అనడం కూడా మనిషిని తరిమేదే. వచ్చినవాళ్లను చూశావని తెలియాలి, అంతే. పెళ్లికూతుర్ని వెంటబెట్టుకుని పదిమంది గలగలా నవ్వుతూ వస్తే నువ్వూ నవ్వు, మనసారా నవ్వు. అయితే వాళ్ల సంతోషం ముందు కనబడాలి, నీది దాని వెనక రావాలి. ఆ వరస తప్పనంతవరకు ఎంత హుషారైనా ఎబ్బెట్టుగా ఉండదు.

వచ్చే వారం జనం పల్చగా ఉండే పొద్దుటి పూట ఈ మూడింటిలో మొదటిదొక్కటే చేసి చూడు. తలెత్తేదాకా ఆగడం అలవాటయ్యాక గొంతు సంగతి పట్టుకో. ప్రశ్న చివరన. మూడూ ఒకేసారి మొదలుపెడితే మాట మీద ధ్యాస పోయి మనిషి మీద ధ్యాస తప్పుతుంది. ఎవరు ఎప్పుడు "ఊరికే" అన్నారో సాయంత్రం రాసుకుని, ఆదివారం నాకు చదివి వినిపించు. ఎక్కడ తొందరపడ్డావో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న