పోయిన మార్కులు ఏ ఖాతాలో రాయాలి?

మాక్ టెస్ట్ రాశాక మనలో చాలామంది చేసేది ఒకటే. కీతో సరిచూసుకుని, స్కోరు వేసుకుని, తక్కువ వచ్చిన సబ్జెక్టు పేరు చెప్పి "ఇది మళ్లీ చదవాలి" అనుకోవడం. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మా హాస్టల్లో సివిల్ చదివే ఒక తమ్ముడి పేపర్ తీసుకుని ఆ పద్ధతి చెబుతాను. బ్రాంచి ఏదైనా లెక్క మారదు.

వాడు గేట్ మాక్ పేపర్‌ను ప్రింట్ తీసుకుని మూడు గంటలు టైమ్ పెట్టుకుని రాశాడు. ఫోన్‌తో స్కాన్ చేసి నాకు పంపి, "అన్నా, స్ట్రక్చర్స్‌లో పది మార్కులు పోయాయి, ఇంకో నెలే ఉంది, పదిహేను రోజులు దానికే పెడదామనుకుంటున్నా" అన్నాడు. నెలలో సగం రోజులంటే చిన్న విషయం కాదు. అందుకే ముందు పేపర్ చూద్దామన్నాను.

మొదట స్కాన్ గురించి. అసలు గేట్ కంప్యూటర్ మీద రాసే పరీక్షే. కానీ కంప్యూటర్ మీద రాసిన మాక్‌లో చివరికి మిగిలేది జవాబు మాత్రమే. ఆ జవాబు ఎలా వచ్చిందో తెలియాలంటే రఫ్ వర్క్ కావాలి. కాబట్టి ప్రశ్నల పేజీలతో పాటు రఫ్ కాగితాలు కూడా స్కాన్ చేయాలి. రాసేటప్పుడే ప్రతి రఫ్ లెక్క పక్కన ప్రశ్న నంబర్ వేసుకోవాలి, లేదంటే తర్వాత ఏది దేనిదో తెలియదు. స్కాన్ యాప్‌లో నలుపు-తెలుపు మోడ్ వద్దు, కలర్ పెట్టండి. నలుపు-తెలుపులో లేత పెన్సిల్ గీతలు ఎగిరిపోతాయి, మనకు కావలసింది ముఖ్యంగా అవే. అన్నిటికన్నా ముఖ్యం, కీ చూడకముందే స్కాన్ చేయాలి. కీ చూశాక చెయ్యి ఊరుకోదు, పేపర్ మీద ఏదో ఒకటి దిద్దుతుంది.

ఇప్పుడు లెక్క. "ఈ టాపిక్‌లో ఇంత శాతం వచ్చింది" అని కాకుండా "ఇన్ని మార్కులు పోయాయి" అని రాయాలి. ఈ పేపర్లో సర్వేయింగ్‌కు 5 మార్కులుంటే వాడికి వచ్చింది ఒక్కటి. శాతం చూస్తే అదే అన్నిటికన్నా అధ్వాన్నం. కానీ అక్కడ పోయింది నాలుగే మార్కులు, జియోటెక్‌లో పోయినవి తొమ్మిదికి పైనే.

పోయిన మార్కులు లెక్కపెట్టేటప్పుడు నెగెటివ్ కూడా కలపాలి. రెండు మార్కుల మల్టిపుల్ చాయిస్ ప్రశ్న వదిలేస్తే పోయేది 2. తప్పు పెడితే ఆ రెండూ పోయి, పైన మూడింట రెండు వంతులు కోత, అంటే మొత్తం 2.67. ఒక మార్కు ప్రశ్న తప్పయితే 1.33. న్యూమరికల్ జవాబు టైప్ చేసే ప్రశ్నలకు, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు నెగెటివ్ లేదు కాబట్టి తప్పయినా, వదిలేసినా పోయేది ఒకటే. అన్ని టాపిక్స్ మొత్తం కలిపితే, వందలోంచి స్కోరు తీసేసిన సంఖ్య రావాలి. వాడి స్కోరు 56.67, పోయినవి 43.33. సరిపోయింది. సరిపోకపోతే ఏదో ప్రశ్న రెండుసార్లు పడిందనో, అసలు పడలేదనో అర్థం.

ఈ లెక్కలో వాడి మాట నిజమే. స్ట్రక్చర్స్ 10తో మొదటి స్థానం, జియోటెక్ 9.33తో రెండు, వాటర్ రిసోర్సెస్ 5.33, మ్యాథ్స్ 5. చాలామంది ఇక్కడే ఆగిపోయి పుస్తకం తెరుస్తారు. ఈ వరుసను నమ్మే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది.

మార్కు పోయిన ప్రతి ప్రశ్ననూ, సొల్యూషన్ చదవకుండా, టైమ్ పెట్టుకోకుండా, తెల్ల కాగితం మీద మళ్లీ చేయాలి. సొల్యూషన్ చదివాక అందరికీ "అరె, ఇది నాకు తెలుసు" అనే అనిపిస్తుంది, ఆ మాట సాక్ష్యానికి పనికిరాదు. మళ్లీ చేసినా రాకపోతే ఆ మార్కులు "రాదు" ఖాతాలోకి. ఇప్పుడు వచ్చి, స్కాన్‌లో లెక్క ఉండి మధ్యలో దారి తప్పి ఉంటే "పొరపాటు" ఖాతా. ఇప్పుడు వచ్చి, స్కాన్‌లో ఆ ప్రశ్నకు ఒక్క గీత కూడా లేకపోతే "టైమ్" ఖాతా.

స్ట్రక్చర్స్‌లో వాడు వదిలేసిన ప్రశ్నలు మూడు, అన్నీ రెండేసి మార్కులవి, అన్నీ 60 తర్వాతి నంబర్లు. రఫ్ కాగితంలో వాటి జాడే లేదు. ఇప్పుడు కూర్చోబెడితే రెండు చేసేశాడు, మూడోది రాలేదు. అంటే ఆరులో నాలుగు మార్కులు టైమ్ ఖాతావి. ఇంకో 1.33 ప్రశ్నలో "కానిది ఏది" అన్న మాట చూసుకోకపోవడం వల్ల పోయాయి. స్ట్రక్చర్స్ తెలియక పోయినవి చివరికి 4.67 మాత్రమే.

మ్యాథ్స్ ఇంకా విచిత్రం. రెండు న్యూమరికల్ ప్రశ్నల్లో పద్ధతి చివరిదాకా సరిగ్గానే ఉంది. ఒకదానిలో మైనస్ గుర్తు ఒక లైను నుంచి కింది లైనుకు దిగలేదు, ఇంకోదానిలో కూడిక తప్పింది. ఐదులో నాలుగు మార్కులు పొరపాట్లే. మ్యాథ్స్ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివినా ఆ నాలుగు తిరిగిరావు.

జియోటెక్‌లో మాత్రం నాలుగు ప్రశ్నలూ మళ్లీ తప్పే వచ్చాయి. స్కాన్‌లో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మూడింటిలో ఒకే చోట జారాడు. ఒక ప్రశ్న ఇది: 8 మీటర్ల మందమున్న నార్మల్లీ కన్సాలిడేటెడ్ బంకమట్టి పొర, నీటిమట్టం నేల పైభాగంలోనే, సాచురేటెడ్ యూనిట్ వెయిట్ 19 kN/m³, Cc = 0.3, e₀ = 1. పొర మధ్యలో ఒత్తిడి 40 kPa పెరిగితే సెటిల్‌మెంట్ ఎంత?

```
S = Cc·H/(1+e0) · log10((σ0' + Δσ)/σ0')
వాడు రాసింది:  σ0' = 4 × 19 = 76 kPa             → S ≈ 220 mm
రాయాల్సింది:  σ0' = 4 × (19 − 9.81) = 36.76 kPa  → S ≈ 384 mm
```

ఫార్ములా నోటికి వచ్చు, క్యాలిక్యులేటర్ సరిగ్గానే నొక్కాడు. నీటి ఒత్తిడి తీసేసి ఎఫెక్టివ్ స్ట్రెస్ పెట్టాలన్నదే తట్టలేదు. షీర్ స్ట్రెంత్ ప్రశ్నలోనూ అదే, ఇంకో సెటిల్‌మెంట్ ప్రశ్నలోనూ అదే. రెండు న్యూమరికల్స్, ఒక మల్టిపుల్ చాయిస్ కలిసి ఈ ఒక్క విషయం దగ్గర పోయినవి 6.67 మార్కులు. కీతో సరిచూసుకుంటే ఇది కనబడదు. అక్కడ మూడు వేర్వేరు తప్పుల్లాగే ఉంటాయి. రఫ్ వర్క్ స్కాన్ చేయమన్నది ఇందుకే.

ఇంకొక మెలిక ఉంది. సరైన జవాబుల్లో కూడా నమ్మకూడనివి ఉంటాయి. ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఒక రెండు మార్కుల ప్రశ్నకు జవాబు కరెక్టే, కానీ పక్కన ప్రశ్నార్థకం ఉంది, రఫ్ వర్క్ లేదు. అడిగితే గుడ్డిగా పెట్టానన్నాడు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగోవంతు అవకాశంతో 2 వస్తాయి, నాలుగింట మూడు వంతులు అవకాశంతో 0.67 పోతాయి. సగటున వచ్చేది సున్నా. కాబట్టి ఆ రెండు మార్కులనూ "రాదు" ఖాతాలోనే వేశాం. ట్రాన్స్‌పోర్టేషన్‌లో పోయిన 2 కాస్తా 4 అయ్యాయి.

అన్నీ సర్దాక వరుస ఇలా మారింది.

| ఖాతా | మార్కులు |
|---|---|
| పొరపాట్లు (అన్ని టాపిక్స్ కలిపి) | 11 |
| జియోటెక్ | 9.33 |
| స్ట్రక్చర్స్ | 4.67 |
| సర్వేయింగ్ | 4 |
| ట్రాన్స్‌పోర్టేషన్ (గుడ్డి 2 కలిపి) | 4 |
| టైమ్ | 4 |
| వాటర్ రిసోర్సెస్ | 3.33 |
| ఎన్విరాన్‌మెంటల్ | 2.67 |
| ఆప్టిట్యూడ్ | 1.33 |
| మ్యాథ్స్ | 1 |

మొదటి వరుసలో ఉన్నది అసలు చాప్టరే కాదు. నాలుగో స్థానంలో ఉన్న మ్యాథ్స్ చివరికి పోయింది. పదిహేను రోజులు అడిగిన స్ట్రక్చర్స్ దగ్గర చదివి తెచ్చుకోగలిగినవి ఐదు మార్కులు కూడా లేవు.

దీని పరిమితులు కూడా చెప్పాలి. సర్వేయింగ్ నాలుగు మార్కులంటే రెండు ప్రశ్నలు. వాడికి రాని రెండు ప్రశ్నలే ఈ పేపర్లో పడి ఉండొచ్చు. అలాగే ఈ మాక్ తయారుచేసినవాళ్లు జియోటెక్‌కు 16 మార్కులిచ్చారు, అసలు పేపర్లో అంతే ఉండాలని లేదు. అందుకే రెండు మూడు మాక్‌ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడాలి, వెయిటేజీ కోసం పాత గేట్ పేపర్లు చూడాలి. ఒక్క పేపర్‌తోనే నమ్మదగ్గది ఎఫెక్టివ్ స్ట్రెస్‌లాంటిది, ఒకే తప్పు మూడుచోట్ల కనబడినప్పుడు.

చివరికి వరుసను రోజులతో కూడా తూచాం. ఎఫెక్టివ్ స్ట్రెస్‌కు రెండు సాయంత్రాలు చాలు, దాని వెనక 6.67 మార్కులున్నాయి. కాబట్టి అది ముందు. తర్వాత సర్వేయింగ్, ట్రాన్స్‌పోర్టేషన్, చిన్న సిలబస్‌లు కాబట్టి చెరో మూడు రోజులు. స్ట్రక్చర్స్‌కు మొత్తం కాకుండా, తప్పిన రెండు ప్రశ్నల చాప్టర్లకే నాలుగు రోజులు. పొరపాట్లకు పుస్తకం లేదు. న్యూమరికల్ జవాబు ఖాయం చేసే ముందు గుర్తు, యూనిట్, అడిగింది ఏమిటి అని మూడు చూసుకోవడం రోజూ ప్రాక్టీసులోనే అలవాటు చేసుకోవాలి. టైమ్ ఖాతాకు మందు వచ్చే మాక్‌లోనే ఉంది: రెండు మార్కుల ప్రశ్నలన్నీ మొదట ఒక చుట్టు చదివి, వచ్చినవి ముందు చేసేయడం.

మూల స్కాన్ మీద ఏమీ రాయకుండా అలాగే దాచమని చెప్పాను. పది రోజుల తర్వాత మార్కులు పోయిన 22 ప్రశ్నలనూ, గుడ్డిగా తగిలిన ఆ ఒక్కదాన్నీ దాన్నుంచి ప్రింట్ తీసుకుని, పాత జవాబులు కాగితంతో మూసి, టైమ్ పెట్టుకుని మళ్లీ రాస్తాడు. "రాదు" ఖాతాలోంచి ఎన్ని మార్కులు బయటికొచ్చాయో అప్పుడు తెలుస్తుంది. బయటికి రానివాటితో కొత్త వరుస మొదలవుతుంది.